ఫొటోలో గోడ రంగు మార్చడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: గోడను సెలెక్ట్ చేసి కొత్త రంగు నింపేస్తే చాలు.

అలా నింపితే గోడ స్థానంలో రంగు కాగితం అతికించినట్టుంటుంది. సోఫా నీడ, లప్పం గరుకు, మూలల్లో మసక ఇవన్నీ ఫొటోలో వెలుగు తేడాలే. కొత్త రంగు వాటిని కప్పేయకూడదు, వాటితో కలవాలి. ఫొటోషాప్‌లో ఫొటో మీద రంగు లేయర్ వేసి, గోడ వరకే మాస్క్ ఇచ్చి, మోడ్ `Multiply` పెడతాను. పాత వెలుగును కొత్త రంగుతో గుణిస్తుంది కాబట్టి నీడ నీడగానే ఉంటుంది.

అపోహ: `Multiply` పెడితే షేడ్ కార్డులోని రంగే వచ్చేస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కంటికి తెల్లగా కనిపించే గోడ ఫొటోలో అంత తెల్లగా ఉండదు. ఒక హాలు గోడనే తీసుకుందాం. నీడ లేని చోట విలువ 204 ఉంది, పూర్తి తెలుపు 255. అంటే 80 శాతమే. ఎంచుకున్న ఇటుక రంగు RGB విలువలు 180, 90, 60 అయితే గోడ మీద 144, 72, 48 వస్తుంది. అప్పుడే ఇంటివాళ్లు "ఇంత డార్కా అండీ!" అంటారు.

రంగు లేయర్ కింద, అదే మాస్క్‌తో `Levels` పెట్టి, ఇన్‌పుట్ వరసలో కుడి చివరి స్లైడర్‌ను 255 నుంచి కిందికి తేవాలి. నేరుగా 204కి తెస్తే లెక్క సరిపోతుంది కానీ, కిటికీ పక్కన అంతకంటే వెలుగున్న గోడంతా ఒకే తెలుపై గరుకు చెరిగిపోతుంది. నేనైతే 225 దగ్గర ఆపుతాను. రంగు దాదాపు 163, 82, 54 వస్తుంది. కాస్త ముదురే, కానీ గోడ గోడలా ఉంటుంది. మాస్క్ లేకుండా `Levels` వేస్తే మాత్రం సోఫా కూడా వెలిగిపోతుంది.

అపోహ: `Color` మోడ్ ఇంకా సులువు.

అది పాత గోడ వెలుగును అలాగే ఉంచుతుంది. తెల్ల గోడ మీద నేవీ బ్లూ వేస్తే లేత నీలం వస్తుంది. క్రీమ్ గోడను లేత ఆకుపచ్చ చేయడానికైతే పనికొస్తుంది.

అపోహ: ముదురు గోడనూ ఇలాగే తెల్లగా చేయొచ్చు.

`Multiply` ముదురు చేయగలదే కానీ లేత చేయలేదు. `Levels`తో బలవంతంగా వెలుగు పెంచితే నీడల్లో దాక్కున్న నాయిస్, జేపెగ్ గళ్లు బయటపడతాయి. పగటిపూట ఎక్స్‌పోజర్ పెంచి ఇంకో ఫొటో తీయమని అడగడమే మేలు.

అపోహ: సోఫా అంచు ఎంత పదునుగా కోస్తే అంత సహజం.

అంచు పిక్సెళ్లలో సోఫా, పాత గోడ కలిసే ఉంటాయి. పెన్ టూల్‌తో కచ్చితంగా కోసినా పాత క్రీమ్ రంగు సన్నని గీతలా మిగులుతుంది. మాస్క్‌ను ఒక పిక్సెల్ సోఫాలోకి జరిపి, అర పిక్సెల్ ఫెదర్ ఇస్తే పోతుంది. పల్చటి కర్టెన్ దగ్గర వెనక గోడ కనిపిస్తుంది కాబట్టి అక్కడ మాస్క్‌ను సగం బూడిదగా ఉంచాలి.

ఇంత చేసినా గోడ రంగు తెల్ల సీలింగ్ మీదా, దుప్పటి మీదా పడే ఛాయ ఈ ఫొటోలో రాదు. ముదురు రంగు ఎంచుకున్నవాళ్లకు బొమ్మ చూపించేటప్పుడే ఆ సంగతి చెప్పేసి, గోడ మీద రెండడుగుల శాంపిల్ వేయిస్తాను.