ఇంట్లో కేకులు చేసేవాళ్ల ఇన్‌స్టా పేజీ: బయో, హైలైట్స్, గ్రిడ్ మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంటి నుంచే కేకులు చేసి అమ్మేవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ సెట్ చేసి ఇవ్వడం నా పని. కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ నన్ను అడిగేది రంగుల గురించి, లోగో గురించి. పేజీ తెరిచే మనిషికి మాత్రం వేరే ఆలోచన ఉంటుంది. శనివారం పాప పుట్టినరోజు, ఇవాళ గురువారం. ఎగ్‌లెస్ చేస్తారా, మా ఇంటికి దగ్గరేనా, ఎంత అవుతుంది, ఎవరికి చెప్పాలి? ఈ నాలుగింటికీ జవాబు దొరక్కపోతే వెనక్కి వెళ్లి ఇంకో పేజీ చూస్తారు.

ఈ మధ్య నిజాంపేటలో ఒకావిడ పేజీ చేశాను. కేకులు చాలా బాగుంటాయి, ఆర్డర్లు మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు దాటి రావడం లేదు. ఆ పేజీనే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

అపోహ: బయో అంటే మన గురించి మనం చెప్పుకునే చోటు.

ఆవిడ బయోలో ప్రేమతో చేసిన కేకులు అని ఒక లైను, ఇద్దరు పిల్లల అమ్మ అని ఇంకో లైను, కల నిజమైంది అని మరొకటి, వాటి పక్కన ఎమోజీలు. చివర "ఆర్డర్ల కోసం మెసేజ్ చేయండి". ఊరు పేరు ఎక్కడా లేదు. ఆవిడకు వచ్చిన మెసేజ్‌లు తెరిచి చూస్తే దాదాపు అన్నింటిలోనూ మొదటి ప్రశ్న ఒకటే: "మీరు ఎక్కడుంటారండీ?"

బయోకి ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చేది 150 అక్షరాలు. స్పేసులు, ఎమోజీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మేం మార్చి రాసింది ఇది:

```
Eggless & egg cakes, 1/2 kg onwards
Nizampet | Pickup & delivery
Order 2 days before on WhatsApp
FSSAI 2XXXXXXXXXXXXX
```

ఇది 120 అక్షరాలు కూడా లేదు. ఎగ్‌లెస్ అనే మాట మొదటి లైన్లోనే ఉండాలని నేను పట్టుబడతాను. గుడ్డు తినని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ ఒక్క మాట కనపడకపోతే వాళ్లు అడగను కూడా అడగరు. "రెండు రోజుల ముందు" అని రాయడం వల్ల రాత్రి తొమ్మిదింటికి "రేపు పొద్దున్నకి కేక్ కావాలి" అనే మెసేజ్‌లు బాగా తగ్గుతాయి. చివరి లైన్లో ఉన్నది ఆహార వ్యాపారానికి తీసుకునే 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు. ఇంట్లో చేసి అమ్మినా అది తీసుకోవాల్సిందే. ఫాస్కాస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంకా రాకపోతే ఆ లైను ఖాళీగా వదిలేయండి, వేరేవాళ్ల నంబరు మాత్రం పెట్టకండి.

ఇంటి అడ్రస్ ఫ్లాట్ నంబరుతో సహా పెట్టాలా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. ఏరియా పేరు చాలు. అడ్వాన్స్ వచ్చాక లొకేషన్ పంపితే సరిపోతుంది.

అపోహ: పేరు దగ్గర బ్రాండ్ పేరు పెడితే అయిపోయింది.

కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రొఫైల్‌లో యూజర్‌నేమ్ ఒకటి, దాని కింద బోల్డ్‌గా కనిపించే నేమ్ ఇంకొకటి ఉంటాయి. ఆవిడ రెండు చోట్లా ఒకే బ్రాండ్ పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వెతికి పట్టుకుంటారు. తెలియనివాళ్లు సెర్చ్‌లో కొట్టేది "eggless cake nizampet", "home baker kukatpally" లాంటి మాటలే. సెర్చ్‌లో మనం కొట్టిన మాటలను ఖాతాల పేర్లతో, బయోతో, క్యాప్షన్లతో, ప్రదేశాలతో పోల్చి చూస్తామని, చేసే పనికి తగ్గ పేరు పెట్టుకోమని, ఊరు బయోలో రాయమని ఇన్‌స్టాగ్రామ్ 2021లో తనే చెప్పింది.

అందుకని యూజర్‌నేమ్‌లో బ్రాండ్ అలాగే ఉంచి, నేమ్ దగ్గర బ్రాండ్ పక్కన `Home Baker Nizampet` అని చేర్చాం. ఈ నేమ్‌ని 14 రోజుల్లో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, కాబట్టి కాగితం మీద రాసుకుని, స్పెల్లింగ్ చూసుకుని అప్పుడు టైప్ చేయండి. ఏరియా పేరు జనం ఎలా టైప్ చేస్తారో అలాగే ఉండాలి. యూజర్‌నేమ్‌లో చుక్కలు, అండర్‌స్కోర్లు ఎక్కువైతే ఫోన్‌లో చెప్పడం కష్టమవుతుంది. ఉన్నవి తీసేయగలిగితే తీసేయండి.

అపోహ: "మెసేజ్ చేయండి" అంటే చేస్తారు, లింకులెందుకు?

మీరు ఫాలో అవని మనిషి మెసేజ్ పెడితే అది మామూలు ఇన్‌బాక్స్‌లోకి కాకుండా రిక్వెస్ట్స్ లోకి పోవచ్చు. నిజాంపేట ఆవిడ రిక్వెస్ట్స్ తెరిపించి చూస్తే అందులో జవాబు లేని ఆర్డర్ ఎంక్వైరీలు ఉన్నాయి. ఆ పుట్టినరోజులు కూడా అయిపోయాయి. ఆవిడ చాలాసేపు బాధపడ్డారు.

బయోలో ఫోన్ నంబరు అంకెల్లో రాసినా పెద్దగా లాభం లేదు. చూసినవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని వేరే చోట టైప్ చేయాలి. లింక్స్ దగ్గర ఇలా పెట్టండి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Cake%20order
```

91 తర్వాత మీ పది అంకెల నంబరు. ముందు ప్లస్ గానీ, సున్నా గానీ, మధ్యలో స్పేస్ గానీ ఉండకూడదు. లింక్ తెరుచుకోకపోతే మొదట చూడాల్సింది అదే. నొక్కగానే వాట్సాప్‌లో మీ చాట్ తెరుచుకుని "Cake order" అని ముందే టైప్ అయి ఉంటుంది. పంపితే చాలు, ఆ మనిషి ఇన్‌స్టా నుంచి వచ్చారని మీకూ తెలిసిపోతుంది. ఖాతాను ప్రొఫెషనల్‌కి మార్చుకోవడం ఉచితం. ఎంతమంది ప్రొఫైల్ చూశారు, ఎంతమంది లింక్ నొక్కారు అన్నది ఆ తర్వాతే కనిపిస్తుంది.

అపోహ: ముందు అందమైన హైలైట్ కవర్లు తయారు చేయించాలి.

కవర్ల కోసం వారాలు ఆగినవాళ్లు ఉన్నారు. కవర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దానికి గ్యాలరీ నుంచి ఏ ఫొటో అయినా తీసుకోవచ్చు. లోపల ఏముంది అన్నదే ముఖ్యం. మేం నాలుగే పెట్టాం: ఆర్డర్, మెనూ, డెలివరీ, రివ్యూస్. పేర్లు ఒక్క మాటలో ఉండాలి, పొడవైతే సగంలో తెగిపోతాయి.

ఆర్డర్ అనే దాంట్లో స్టోరీలు నాలుగు: ఏ రోజుకి ఎన్ని కిలోలు కావాలో చెప్పండి, డిజైన్ ఫొటో పంపండి, సగం అడ్వాన్స్ కడితేనే ఆర్డర్ ఖాయం, మార్పులుంటే ముందు రోజు మధ్యాహ్నం లోపు. డెలివరీలో ఏ ఏరియాలకు పంపుతారో, ఏవి బైక్ మీద పంపరో రాశాం. రెండంతస్తుల కేక్, ఎండాకాలంలో విప్పింగ్ క్రీమ్ కేక్ బైక్ మీద పంపితే నిజాంపేట నుంచి ఎల్బీ నగర్ చేరేసరికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అవి వచ్చి తీసుకెళ్లాలని ముందే రాసి ఉంటే తర్వాత గొడవ ఉండదు.

మెనూ హైలైట్‌లో ధరలు పెట్టాలంటే ఆవిడ భయపడ్డారు. "ధర చూసి పారిపోతారక్కా" అన్నారు. ధర నచ్చక వెళ్లేవాళ్లు మెసేజ్‌లో అడిగి తెలుసుకున్నాకైనా వెళ్తారు. మధ్యలో మీ అరగంట పోతుంది. డిజైన్‌ని బట్టి మారే కేకులకు పూర్తి ధర పెట్టలేం, నిజమే. అందుకే "అర కిలో చాక్లెట్ ట్రఫుల్ 550 నుంచి" అని మొదలయ్యే ధర పెట్టాం. వెన్న, క్రీమ్ రేట్లు పెరిగి మీరు ధర మార్చినప్పుడు పాత స్టోరీని హైలైట్‌లోంచి తీసేయడం మర్చిపోవద్దు. కస్టమర్ ఆ పాత స్క్రీన్‌షాటే మీకు చూపిస్తారు.

రెండు చిన్న విషయాలు. సెట్టింగ్స్‌లో స్టోరీ ఆర్కైవ్ ఆన్‌లో లేకపోతే 24 గంటల తర్వాత స్టోరీ పోతుంది, తర్వాత హైలైట్‌లో పెడదామన్నా దొరకదు. ఇంకోటి, చివరగా కొత్త స్టోరీ చేర్చిన హైలైట్ వరసలో ముందుకొస్తుంది. కాబట్టి రివ్యూస్‌తో మొదలుపెట్టి ఆర్డర్‌ని ఆఖరున చేయండి, అది ఎడమ చివర కనిపిస్తుంది. రివ్యూ స్క్రీన్‌షాట్లలో కస్టమర్ నంబరు, డీపీ చెరిపేయాలి. పుట్టినరోజు పాప ఫొటో ఉంటే తల్లిదండ్రులను అడిగాకే పెట్టండి.

అపోహ: గ్రిడ్ చదరంగం బల్లలా ఉంటేనే ప్రొఫెషనల్.

ఒక కేక్, ఒక కొటేషన్, ఒక కేక్, ఒక కొటేషన్. ఇలా పేర్చిన పేజీలు చాలా చూశాను. కేక్ కొనాలని వచ్చిన మనిషికి తెర మీద సగం చోటు కొటేషన్లకే పోయింది. పైగా ఒక్క కొత్త పోస్ట్ పెట్టగానే అన్నీ ఒక గడి జరుగుతాయి, నిలువు వరసలుగా పేర్చినవైతే మూడేసి పోస్టులు కలిపి పెడితే తప్ప మళ్లీ కుదరవు. ఆర్డర్లు మన డిజైన్ వరసలో రావు కదా.

గ్రిడ్‌లో నిజంగా చూసుకోవాల్సింది కటింగ్. 2025 జనవరి నుంచి గడులు చతురస్రంగా కాకుండా నిలువుగా, 3:4 కొలతలో కనిపిస్తున్నాయి. ఆవిడ పాత ఫొటోలన్నీ 1080 బై 1080 చతురస్రాలు. వాటిలో రెండు పక్కలా ఒక్కో వైపు 135 పిక్సెల్స్, అంటే ఎనిమిదో వంతు, గడిలో కనపడదు. కేక్ మీద రాసిన పేర్లు రెండు వైపులా తెగిపోయి ఉన్నాయి. 1080 బై 1350లో పెడితే ఒక్కో వైపు పోయేది 34 పిక్సెల్స్ మాత్రమే. 3:4లో తీసినదైతే ఏమీ పోదు. మామూలుగా ఫోన్ కెమెరా నిలువుగా పట్టుకుని తీస్తే వచ్చేది ఆ కొలతే, కాబట్టి క్రాప్ చేయకుండా పెట్టండి. రీల్ అయితే కవర్‌లో కేక్‌నీ, అక్షరాలనీ మధ్యలో ఉంచండి. పైనా కిందా గడిలో తెగుతాయి.

ఆవిడ దగ్గర మొదట్లో చూపించడానికి మంచి ఫొటోలున్న కేకులు మూడే. నెట్‌లో దొరికిన ఫొటోలతో నింపుదామా అని అడిగారు. అస్సలు వద్దు. అది చూసి "ఇలాగే కావాలి" అని ఆర్డర్ ఇస్తే ఏం చేస్తారు? ఒక్కో కేక్‌నీ మూడు రకాలుగా తీశాం: నిలబెట్టి మొత్తం, కోసిన ముక్క పొరలు కనిపించేలా దగ్గరగా, డబ్బాలో పెట్టి పైనుంచి. బాల్కనీ కిటికీ పక్కన, పొద్దున్న పూట, ట్యూబ్‌లైట్ ఆపేసి, వెనకాల లేత రంగు చార్ట్ పేపర్. తొమ్మిది గడులు నిండాయి. వెలుతురు, వెనకాల రంగు అన్నింటిలో ఒకటే కాబట్టి గ్రిడ్ దానంతటదే కుదిరినట్టు కనపడింది.

మూడు పోస్టుల వరకు పైన పిన్ చేసుకోవచ్చు. మేం చేసినవి: ధరల పోస్ట్, కోసిన ముక్క ఫొటో, ఆర్డర్ తీసుకోవడం నుంచి డబ్బాలో సర్దే వరకు చూపించే చిన్న రీల్.

అంతా అయ్యాక మిమ్మల్ని ఫాలో అవని ఎవరి ఫోన్‌లోనైనా పేజీ తెరవమనండి. కేక్‌ల గురించి ఏమీ తెలియని బంధువైతే ఇంకా మంచిది. ఎక్కడ, ఎంత, ఎలా ఆర్డర్ ఇవ్వాలి అని అడగండి. తడుముకుంటే అక్కడ మార్చండి. తర్వాత వచ్చే మెసేజ్‌లను గమనించండి. "ఎక్కడుంటారు" పోయి "శనివారానికి ఒక కిలో ఎగ్‌లెస్ కుదురుతుందా" అనేవి వస్తున్నాయంటే బయో పనిచేస్తోందన్నమాట. ఇంకా "ఎక్కడుంటారు" అనే వస్తుంటే ఏరియా పేరును నేమ్‌లోకీ మొదటి లైన్లోకీ తెచ్చి మళ్లీ చూడండి.