ఏ స్క్రిప్టు గెలిచినట్టు?

ఒకే విషయం మీద రాసిన రెండు యూట్యూబ్ స్క్రిప్టుల్లో ఏది మెరుగో తేల్చడానికి సీటీఆర్, సగటు వాచ్ టైమ్ చూస్తుంటాం. అయితే స్క్రిప్టు ఎంత బాగా రాసినా సీటీఆర్ దానంతట అది పెరగదు. థంబ్‌నైల్ కనీసం సగం, సెకను కంటే ఎక్కువసేపు తెర మీద కనిపిస్తే యూట్యూబ్ ఒక ఇంప్రెషన్ వేసుకుంటుంది. అలా వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్నదే సీటీఆర్. నొక్కేటప్పటికి చూసినవి టైటిల్, బొమ్మ మాత్రమే. స్క్రిప్టులో ఒక్క ముక్క కూడా ఇంకా ఎవరి చెవినా పడలేదు. కాకపోతే, ఆ టైటిల్ ఎలాంటివాళ్లను లోపలికి తెస్తుందో దాన్నిబట్టి సగటు వాచ్ టైమ్ మారిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రెషర్ కుక్కర్ మీద ఆరు నిమిషాల వీడియోకి రెండు స్క్రిప్టులు రాశారనుకుందాం. మొదటిదాని టైటిల్ ‘కుక్కర్ ఎందుకు పేలుతుంది?’, రెండోది ‘కుక్కర్‌లో అన్నం త్వరగా ఎందుకు ఉడుకుతుంది?’. రెండింటికీ పదివేల ఇంప్రెషన్లు వచ్చాయి. మొదటిదాన్ని 800 మంది నొక్కారు, సగటున 100 సెకన్లు చూశారు. రెండోదాన్ని నొక్కింది 500 మందే, కానీ 180 సెకన్లు చూశారు. సీటీఆర్ 8 శాతం, 5 శాతం. దాన్ని సగటు సమయంతో గుణిస్తే ఒక్కో ఇంప్రెషన్‌కు మొదటిదానికి 8 సెకన్లు, రెండోదానికి 9 సెకన్లు దక్కాయి. థంబ్‌నైళ్లను పోల్చే పరీక్షలో యూట్యూబ్ కూడా విజేతను క్లిక్కులతో కాకుండా వాచ్ టైమ్‌తోనే తేలుస్తుంది. కాబట్టి రెండోదే గెలిచిందనిపిస్తుంది.

నేనైతే అక్కడ ఆగను, ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ తెరుస్తాను. మొదటి వీడియోలో 30 సెకన్లకే 70 శాతం మంది వెళ్లిపోయారు. మిగిలిన 240 మంది మాత్రం సగటున ఐదు నిమిషాల పైనే చూశారు. రెండోదాంట్లో 30 శాతమే వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు నాలుగు నిమిషాల దగ్గర ఆగారు. అంటే మొదటి స్క్రిప్టు నడక బాగానే ఉంది, ఆరంభమే దెబ్బతింది. పేలుడు సంగతి కోసం వచ్చినవాళ్లకు ముందు ఆవిరి పీడనం పాఠం చెప్పి, ఆవిరి బయటికి పోయే వెంట్ ట్యూబు మూసుకుపోవడం, సేఫ్టీ వాల్వు పనిచేయకపోవడం నాలుగో నిమిషంలో పెట్టారు.

ఆ ఐదు నిమిషాలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. అంత వడపోతలో మిగిలేది బాగా ఆసక్తి ఉన్నవాళ్లే. స్క్రిప్టునే పోల్చాలంటే టైటిల్, థంబ్‌నైల్ ఒకటే ఉంచాలి. సబ్‌స్క్రైబర్ల నుంచి వచ్చిన వ్యూస్‌ను సబ్‌స్క్రైబర్లతోనే, హోమ్ పేజీ నుంచి వచ్చినవాటిని హోమ్ పేజీతోనే పోల్చాలి. మనల్ని ఎరిగినవాళ్లు నొక్కే తీరు వేరు, ఊరూపేరూ తెలియనివాళ్ల తీరు వేరు.

అందుకే మొదటిదాన్ని పారేయను. వెంట్ ట్యూబు సంగతి మొదటి 20 సెకన్లలోకి తెచ్చి మళ్లీ తీస్తాను. అప్పుడు 30 సెకన్లు దాటినవాళ్ల సగటు ఐదు నిమిషాల నుంచి కాస్త తగ్గవచ్చు. ఇదివరకు వెళ్లిపోయిన అంతంతమాత్రం ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పుడు నిలుస్తారు కాబట్టి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది మొత్తం సగటు. సీటీఆర్ 8 శాతం దగ్గరే ఉంటే, 100 సెకన్ల సగటు 113కి చేరినా రెండో స్క్రిప్టును దాటినట్టే.