అపోహలు - వాస్తవాలు: కింద ఫ్యాక్టోరియల్ ఉంటే జవాబు e యేనా?

విజయనగరంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. మొన్న గజపతినగరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి నోట్సు తెరిచి, "మాస్టారూ, మూడు ముక్కలూ e లే కదా, మరి ఆప్షన్లలో e లేదేటండి?" అంది. లెక్క ఇది, n = 1 నుంచి అనంతం వరకు:

Σ n²/(n+1)!

అపోహ: కింద ఫ్యాక్టోరియల్ ఉండి అనంతం దాకా వెళ్తే మొత్తం e.

ఎవరు పుట్టించారో గాని, మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. 1/0! నుంచి మొదలైతేనే e. 1/1! నుంచి అయితే e − 1, 1/2! నుంచి అయితే e − 2.

ఆ అమ్మాయి లవాన్ని సరిగ్గానే విడగొట్టింది:

n² = (n+1)n − (n+1) + 1

(n+1)! తో భాగిస్తే వరసగా 1/(n−1)!, −1/n!, 1/(n+1)! వస్తాయి. ఇప్పుడు మూడింటిలోనూ n = 1 వేసి చూడాలి. మొదటిది 0! దగ్గర మొదలవుతుంది, రెండోది 1! దగ్గర, మూడోది 2! దగ్గర. కాబట్టి

e − (e − 1) + (e − 2) = e − 1

తను e − e + e అని వేసి e తెచ్చుకుంది. నేనూ ఇంటర్లో ఇలాగే వేసి, ఆప్షన్లలో తప్పుందని ఇంటికొచ్చి వాదించినవాణ్ణే. అందుకే తనని కసరలేదు, మొదటి నాలుగు పదాలు కూడమన్నాను. 0.5, 0.667, 0.375, 0.133 కలిపితే 1.675. తర్వాతి పదం 0.035 మాత్రమే, ఆపైన ఇంకా చిన్నవి. ఇది 2.718 దాకా ఎలా పాకుతుంది? e − 1 అంటే 1.718, సరిపోయింది.

అపోహ: n²/n! లో n ని రెండుసార్లు కొట్టేయొచ్చు.

ఒక్కసారే. n/(n−1)! మిగిలాక పైనున్న n ని (n−1) + 1 గా రాయాలి. అప్పుడు 1/(n−2)! + 1/(n−1)! వస్తుంది. n = 1 వేస్తే (−1)! వచ్చిందని టెన్షన్ పడతారు. నిజానికి అక్కడున్నది (n−1)/(n−1)!, n = 1 దగ్గర అది సున్నా. కొట్టివేత n = 2 నుంచే చెల్లుతుంది, సిరీస్ కూడా అక్కడ్నుంచే. రెండూ e లే, మొత్తం 2e.

అపోహ: 2e, 5e, 15e బట్టీపడితే చాలు.

అవి n², n³, n⁴ కింద అచ్చంగా n! ఉండి, n = 1 నుంచి మొదలైతేనే. మొదటిదాన్నే n = 2 నుంచి అడిగితే జవాబు 2e − 1.