ఇంటి బెంగ పాటలో మొదటి చరణం: అపోహలు, వాస్తవాలు

అపోహ: బాధను పేరు పెట్టి చెప్పకపోతే వినేవారికి అందదు.

వాస్తవం: జగిత్యాల ప్రాంతం నుంచి దుబాయి వెళ్లిన ఒక కూలీ పాడుకునే పాటకు బాణీ ముందే వచ్చింది. మిశ్రగతి, పాదానికి ఏడు మాత్రలు, ఆపైన అయిదు, తరువాత రెండు మాత్రల విరామం. నేను మొదట రాసినది ఇది:

గుండె నిండా వేదనే
ఊరి కోసం రోదనే

మాత్రలు కుదిరాయి, ప్రాస కూడా కుదిరింది. నిజానికి ప్రాస కోసమే ఆ రెండు మాటలూ జంటగా వచ్చి కూర్చున్నాయి. అయితే ‘ఊరి’ తీసి ‘చెలియ’ అని పెడితే అదే చరణం విరహగీతమవుతుంది. ఒక్క మాట మార్పుతో పాట మరొక పాటగా మారిపోతే, అందులో ఆ కూలీ ఇంకా అడుగుపెట్టలేదని అర్థం. అందుకని అతని గదిలో ఏముంటుందో ఆలోచించి మళ్లీ రాశాను:

జాడి మూతకు గుడ్డతో
అమ్మ వేసిన పీటముడి
మూడు నెలలై విప్పకే
మంచమడుగున ఉన్నదీ

పచ్చడి ఇష్టం లేక కాదు, విప్పితే ఆ ముడి మళ్లీ వేసే చేతులు అక్కడ లేవు. ఈ సంగతి చరణంలో ఎక్కడా లేదు; అయిదో పాదంగా రాసి, కొట్టేశాను.

అపోహ: పల్లెను తలపించే వస్తువు ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: పచ్చని పొలాలు, వేపచెట్టు నీడ వంటివి కంటికి కనిపించేవే అయినా ఎవరి ఊరివో తెలియవు. ‘ఏ చెట్టు, ఎవరింటి ముందరిది?’ అని అడిగితే చరణం జవాబివ్వగలగాలి. పై చరణంలో నేనూ ఇక్కడే తప్పాను. గల్ఫులో పనిచేసి వచ్చిన ఒకాయన విని, ‘పింగాణీ జాడి విమానంలో ఎవరు తీసుకెళ్తారండీ, ప్లాస్టిక్ డబ్బ కదా’ అన్నారు. జాడి అందంగా ఉందని పెట్టానే తప్ప, అతని పెట్టెలో ఉందని కాదు. ‘డబ్బ’కూ మూడు మాత్రలే కాబట్టి బాణీని కదపకుండానే మార్చగలిగాను.

అపోహ: భావపదాలకు పాటలో చోటే ఉండకూడదు.

వాస్తవం: పల్లవిలో ఉండవచ్చు. ‘బెంగ’ అన్న మాట నేను అక్కడే ఉంచాను, ఎందుకంటే చరణం తరువాత పల్లవికి తిరిగి వచ్చినప్పుడు ఆ మాట వెనుక మంచం కింది డబ్బ ఉంటుంది. చరణంలో మిగిలిన ఇబ్బంది ఒక్కటే: ‘పీటముడి’ చివర లఘువు ఉండడంతో స్వరం నిలవలేదు. గాయకుడు ‘డి’ని దీర్ఘం చేసి విరామంలోకి సాగదీశాక అదీ సర్దుకుంది.