కాపీ కట్‌లో ఏడు సెకన్లు ఎక్కువ ఎందుకొస్తాయి

మైలాపూర్‌లో మా పిన్ని కూతురు కూచిపూడి ప్రోగ్రాం అయింది, వీడియో తీసినాయన రెండు గంటల ఎంపీ4 ఫైల్ పెన్ డ్రైవ్‌లో ఇచ్చాడు. పిన్నికి అందులో తరంగం ఒక్కటే కావాలి, ఆ పిల్ల ఇత్తడి పళ్ళెం అంచు మీద కాలు పెట్టే క్షణం దగ్గర మొదలవ్వాలి. "ముందు జడ సర్దుకుంటూ నిలబడింది చూడు, అది మాత్రం ఎవరికీ కనబడకూడదు రా" అంది. కాలు పళ్ళెం మీద పడేది 41:37 దగ్గర, తరంగం అయిపోయేది 48:12 దగ్గర. చూడ్డానికి ఇంతకంటే ఈజీ పని ఉండదు కదా, రీ-ఎన్కోడ్ చేస్తే టైమూ పోతుంది, క్వాలిటీ కూడా కాస్త పోతుంది, అందుకని ffmpeg అనే వీడియో టూల్‌తో ఎవరైనా మొదట కొట్టే కమాండ్ ఇదే:

```
ffmpeg -ss 00:41:37 -to 00:48:12 -i natyam.mp4 -c copy tarangam.mp4
```

రెండు మూడు సెకన్లలో అయిపోతుంది, ఎందుకంటే `-c copy` అంటే బొమ్మల్ని విప్పి మళ్ళీ కట్టడం ఉండదు, ఫైల్లో ఉన్న డేటా ప్యాకెట్లని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి కొత్త ఫైల్లో పెట్టడమే. ఈ స్పీడే దాని గొప్ప, తేడా వచ్చేదీ అక్కడే.

వీడియోని కుదించి దాచే హెచ్.264 లాంటి కోడెక్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కీఫ్రేమ్ ఒక్కటే సొంతంగా పూర్తి బొమ్మ, దాని తర్వాత వచ్చేవి చాలావరకు "వెనక స్టేజి అలాగే ఉంది, చెయ్యి మాత్రం ఇంత పక్కకి జరిగింది" అన్నంత మార్పునే దాచుకుంటాయి. వాటిని పి-ఫ్రేములు అంటారు. బి-ఫ్రేములైతే ముందున్నదాన్నీ, తర్వాత రాబోయేదాన్నీ రెండిటినీ చూసి లెక్క కట్టుకుంటాయి. కాబట్టి మధ్యలో ఏదో ఒక పి-ఫ్రేమ్ దగ్గర కోసేస్తే దానికి ఆధారమైన బొమ్మ ఫైల్లో ఉండదు, బూడిదరంగు మరకలో, చెదిరిన గళ్ళో వస్తాయి. కాపీ చేసేటప్పుడు మొదలు అనేది కీఫ్రేమ్ మీదే పడాలి, దానికి ఇంకో దారి లేదు.

మరి కీఫ్రేములు ఎక్కడున్నాయి? చూసుకోవచ్చు:

```
ffprobe -v error -select_streams v:0 -skip_frame nokey \
  -read_intervals 2480%2505 \
  -show_entries frame=pts_time -of csv=p=0 natyam.mp4
```

41:37 అంటే 2497వ సెకను. ఈ ఫైల్లో దాని చుట్టుపక్కల వచ్చిన కీఫ్రేములు 2480, 2490, 2500. పదేసి సెకన్ల దూరం అన్నమాట. ఎక్స్264 ఎన్కోడర్ డిఫాల్ట్‌గా కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా వెళ్తుంది, సెకనుకి 25 ఫ్రేముల వీడియోకి అది సరిగ్గా పది సెకన్లు. అయితే సీన్ ఒక్కసారిగా మారితే అది గమనించి అక్కడ కొత్త కీఫ్రేమ్ వేస్తుంది, అందుకే చాలా షాట్లు అతికించిన పెళ్ళి వీడియోలో షాట్ మారేచోట కట్ చేస్తే అదృష్టవశాత్తూ సరిగ్గా కుదురుతుంది. ఇక్కడ కెమెరా ట్రైపాడ్ మీద ఒకేచోట ఉంది, లైట్లు కూడా మారలేదు, ఎన్కోడర్‌కి ఆ పది సెకన్లలో కొత్త కీఫ్రేమ్ వెయ్యాల్సిన కారణమే కనబడలేదు. పళ్ళెం మీద కాలు పడటం మనకి పెద్ద విషయం, దానికి కాదు.

పైన కమాండ్‌లో `-ss` అనేది `-i` కంటే ముందుంది కాబట్టి ffmpeg వెనక్కి వెళ్ళి 2490 దగ్గర కీఫ్రేమ్ పట్టుకుని అక్కణ్ణించి కాపీ చేస్తుంది. ఏడు సెకన్లు ఎక్కువ. కానీ ఫైల్ వీఎల్‌సీలోనో ఇంకోదాంట్లోనో తెరిస్తే కరెక్టుగా కాలు పడేచోటే మొదలవ్వచ్చు, "బానే ఉందిగా" అనిపిస్తుంది. అలా ఎందుకంటే ఎంపీ4లో ఎడిట్ లిస్ట్ అని ఒక చిన్న పట్టీ ఉంటుంది, ffmpeg అందులో "మొదటి ఏడు సెకన్లు చూపించకు" అని రాసిపెడుతుంది. దాన్ని పాటించే ప్లేయర్ ఆ ఏడు సెకన్లని లోపల డీకోడ్ చేసుకుని బయటికి చూపించదు. పాటించని ప్లేయర్లో, ఎడిటింగ్ యాప్‌లో, పాత టీవీ యూఎస్‌బీలో పెడితే జడ సర్దుకోవడం మొత్తం వచ్చేస్తుంది, ఒక్కోసారి సౌండ్ కూడా బొమ్మతో కలవదు. అదే కమాండ్‌లో చివర `.mkv` అని పెడితే ఆ కంటైనర్లో ఈ పట్టీ ఉండదు కాబట్టి ఏడు సెకన్లూ ఎక్కడైనా కనబడతాయి. నన్నడిగితే అదే నయం, ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దాచాల్సింది ఏదైనా ఉండి కట్ చేస్తుంటే కాపీ కట్‌ని నమ్మకండి. పిన్ని వద్దన్న ఆ ఏడు సెకన్లు ఫైల్లోనే ఉన్నాయి, కనబడట్లేదు అంతే. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అవతలివాళ్ళ చేతికి అవీ వెళ్తాయి. ఉన్నాయో లేదో చూడాలంటే పట్టీని పక్కనపెట్టి ప్లే చెయ్యడమే:

```
ffplay -ignore_editlist 1 tarangam.mp4
```

సరే, `-ss`ని `-i` తర్వాత పెడితే? అప్పుడు 2497 కంటే ముందున్న ప్యాకెట్లని పారేస్తుంది, ఆ తర్వాత వచ్చే మొదటి కీఫ్రేమ్ కోసం ఆగుతుంది, అది 2500. ఆడియోకి ఈ కీఫ్రేమ్ బాధ లేదు కాబట్టి అది 2497కే మొదలైపోతుంది, మృదంగం వినిపిస్తూ ఉంటుంది, తెర మాత్రం మూడు సెకన్లు నల్లగానో బిగుసుకుపోయో ఉండి అప్పుడు డాన్స్ కనబడుతుంది. కాలు పళ్ళెం మీద పడేది పోయింది. అంటే ముందుకి పోతే మూడు సెకన్లు పోతాయి, వెనక్కి పోతే ఏడు ఎక్కువొస్తాయి, ఉన్న డేటాతో మధ్యలో ఆగడం కుదరదు.

మధ్యదారి ఒకటుంది, స్మార్ట్ కట్ అంటారు. 2490 నుంచి డీకోడ్ చేసుకుంటూ వచ్చి, మొదటి ఏడు సెకన్లు పారేసి, 2497 నుంచి 2500 దాకా ఉన్న 75 ఫ్రేముల్ని మాత్రం కొత్తగా ఎన్కోడ్ చేస్తారు, వాటిలో మొదటిది కీఫ్రేమ్ అవుతుంది. 2500 నుంచి 2892 దాకా, అంటే ఆరు నిమిషాల 32 సెకన్లు, ముట్టుకోకుండా కాపీ. రెండూ అతికిస్తే సరిగ్గా కాలు పడే ఫ్రేమ్ దగ్గర మొదలయ్యే వీడియో వస్తుంది, క్వాలిటీ తగ్గితే ఆ మూడు సెకన్లలోనే. లాస్‌లెస్‌కట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్లో ఈ ఆప్షన్ ఉంది, కానీ వాళ్ళే దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ అని రాసుకున్నారు, దానికి కారణం లేకపోలేదు. కొత్తగా చేసిన ముక్క పాత ముక్కతో ప్రొఫైల్, సైజు, పిక్సెల్ ఫార్మాట్, టైమ్‌బేస్ అన్నిట్లోనూ కలవాలి. వీడియోని ఎలా విప్పాలో చెప్పే సెట్టింగులు మామూలుగా ఎంపీ4లో ఒకేచోట ఉంటాయి, రెండో ముక్కకి అవి సరిపోకపోతే అతుకు దగ్గర బొమ్మ చెదురుతుంది. అందుకని స్మార్ట్ కట్ చేశాక మొదటి పది సెకన్లు, ముఖ్యంగా మూడో సెకను దగ్గర, కళ్ళతో చూసుకోవాలి, ఒక్క ప్లేయర్లో కాదు, ఫోన్లో కూడా.

చివర కొయ్యడం ఇంత గొడవ కాదు, ముందున్న ఆధారం అంతా ఫైల్లోనే ఉంటుంది కాబట్టి కీఫ్రేమ్ కోసం వెతుక్కోవక్కర్లేదు. కాకపోతే బి-ఫ్రేముల వల్ల ఫైల్లో ఫ్రేములు ఉండే వరసా చూపించే వరసా ఒకటి కాదు, అందుకే చివర ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అవుతాయి. చివర్లో చప్పట్లు ఎక్కడ ఆగాయో ఎవరూ ఫ్రేములు లెక్కపెట్టరు లెండి.

ప్రోరెస్, ఎంజేపెగ్ లాంటి వాటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే, వాటిని కాపీ చేస్తూ ఎక్కడైనా కొయ్యొచ్చు, ఫైల్ సైజు మాత్రం బోలెడంత. పిన్ని ఫైల్ అలాంటిది కాదు, పైగా దాచాల్సింది కూడా ఉంది, అందుకని ఆ ఆరున్నర నిమిషాలూ మొత్తం `-c:v libx264 -crf 18 -c:a aac` పెట్టి మళ్ళీ ఎన్కోడ్ చేసి ఇచ్చాను, జడ సర్దుకునే బొమ్మ ఒక్కటి కూడా లోపల లేదు.