యాప్ కమీషన్ మానేస్తే ఆ డబ్బంతా మనకే మిగులుతుందా? బిర్యానీ పార్సిల్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్న హోటళ్లకు, క్లౌడ్ కిచెన్‌లకు లెక్కలు చూడటం నా పని. ప్రతివారం ఫుడ్ డెలివరీ యాప్‌ల నుంచి వచ్చే పేఔట్ షీట్ తెరిచి, ఏ ఆర్డర్‌కు ఎంత వచ్చింది, ఎంత కోశారు అని బిల్లుతో సరిచూస్తాను. నెలకు కనీసం ముగ్గురైనా ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అక్కా, వాళ్లకు 25 శాతం ఎందుకియ్యాలె? ఆర్డర్లకు నేనే ఒక ఫోన్ నంబర్ పెట్టుకుంటే ఆ 25 నాకే మిగులుతది కదా?"

ఈమధ్య అలా అడిగింది మూసాపేటలో బిర్యానీ కిచెన్ నడిపే ఒక తమ్ముడు. ఎవరో వాట్సాప్ గ్రూపులో "యాప్‌లు మానేసి నెలకు లక్ష మిగిల్చాను" అని పెట్టిన మెసేజ్ చూసి, మర్నాడే యాప్ ఆఫ్ చేద్దామని కూర్చున్నాడు. ఇలాంటి మెసేజ్‌లంటే నాకు ఒళ్లు మంట. పెట్టినవాడు తన బిల్లు సగటు ఎంతో చెప్పడు, ఆర్డర్లు ఎన్నో చెప్పడు, లక్ష మాత్రం చెబుతాడు. కానీ తమ్ముడి మీద కోపం రాలేదు. అద్దె, గ్యాస్, ఇద్దరు మాస్టర్ల జీతాలు నెత్తిమీద ఉన్నప్పుడు ప్రతి సోమవారం ఆ షీట్‌లో కోతలు చూస్తే ఎవరికైనా టెన్షనే.

అపోహ: యాప్ కోసేది 25 శాతం. సొంత నంబర్ పెడితే ఆ 25 మనది.

ఇందులో రెండు తప్పులున్నాయి. యాప్ కోసేది 25 కాదు, ఇంకా ఎక్కువ. సొంత నంబర్ ఖర్చు సున్నా కాదు, అది ఇంకో రూపంలో వస్తుంది.

ముందు యాప్ సంగతి. తమ్ముడి అగ్రిమెంట్‌లో కమీషన్ 24 శాతం, పేమెంట్ వసూలు ఫీజు 2 శాతం. ఈ 26 మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మనం 5 శాతం రెస్టారెంట్ స్లాబ్‌లో ఉంటాం కాబట్టి ఆ జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అది పోయినట్టే. అంటే అసలు కోత 30.68 శాతం.

ఒక సింగిల్ చికెన్ బిర్యానీ తీసుకుందాం. రేటు 260, ప్యాకింగ్ చార్జీ 20, తమ్ముడు తన చేతినుంచి ఇచ్చే డిస్కౌంట్ 40. కస్టమర్ ఆహారానికి కట్టేది 240. అందులో యాప్ కోత దాదాపు 74, చేతికి వచ్చేది 166. యాప్‌లో యాడ్స్‌కు పెట్టిన డబ్బు ఆర్డర్‌కు 12 పడుతోంది. ప్యాకింగ్ సామాను 22, బియ్యం, చికెన్, నూనె, గ్యాస్ కలిపి 105. మిగిలేది 27. నూటికి మూడు ఆర్డర్లు రీఫండ్‌లో పోతున్నాయి, వాటిని సర్దితే ఆర్డర్‌కు ఇంకో ఐదు పోతుంది. చివరికి 22 రూపాయలు.

ఇప్పుడు అదే బిర్యానీ, అదే 240కి సొంత నంబర్‌లో. తమ్ముడు కాగితం మీద పెన్ను పెట్టి "ఆ 74 మిగిలింది" అన్నాడు. "డెలివరీ ఎవరు తీసుకెళ్తారు?" అన్నాను. బైక్ పార్సిల్ యాప్‌లో నాలుగు కిలోమీటర్లకు అతనికి సగటున 60 అవుతోంది. కస్టమర్‌ను అడిగితే "యాప్‌లో ఫ్రీ కదా" అంటున్నారు, కాబట్టి ప్రస్తుతం ఆ 60 తమ్ముడిదే. ఫోన్ ఎత్తి, అడ్రస్ రాసుకుని, "అన్నా ఎక్కడున్నాడు మీ బాయ్" అనేవాళ్లకు జవాబు చెప్పే కుర్రాడికి నెలకు ఆరు వేలు అదనం. ఆర్డర్ లింక్ సాఫ్ట్‌వేర్‌కు పదిహేను వందలు. నెలకు 300 ఆర్డర్లు వస్తే ఈ రెండూ కలిపి ఆర్డర్‌కు 25. పేమెంట్ గేట్‌వేకు 6. ప్యాకింగ్ అదే 22, సరుకు అదే 105. మిగిలేది 22. ఏదైనా తేడా వస్తే మళ్లీ వండి మళ్లీ పంపాలి, ఆ నష్టం సర్దితే ఆర్డర్‌కు ఇంకో ఆరు. చివరికి 16.

అంటే సింగిల్ బిర్యానీ మీద యాపే ఆరు రూపాయలు మేలు. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు.

తర్వాత అదే లెక్క 900 రూపాయల ఫ్యామిలీ ఆర్డర్‌కు వేశాం. మూడు బిర్యానీలు, ఒక స్టార్టర్. యాప్‌లో కోత 276, యాడ్స్ 12, మొత్తం 288. సొంత నంబర్‌లో బైక్ అదే 60, కుర్రాడు, సాఫ్ట్‌వేర్ అదే 25, గేట్‌వే 22, మొత్తం 107. ఒక్క ఆర్డర్‌లో 181 రూపాయలు తేడా.

కిటుకు ఇక్కడే ఉంది. యాప్ కోత బిల్లుతో పాటు పెరుగుతుంది. బైక్‌కు సంచిలో ఒక డబ్బా ఉందా నాలుగున్నాయా అని పట్టదు, దూరానికే డబ్బు. అందుకే చిన్న బిల్లు యాప్‌కు, పెద్ద బిల్లు మనకు. తమ్ముడి అంకెలతో ఆ గీత దాదాపు 260 దగ్గర పడింది. కానీ నెలకు 300 బదులు 150 ఆర్డర్లే వస్తే కుర్రాడి జీతం, సాఫ్ట్‌వేర్ ఒక్కో ఆర్డర్ మీద 50 అవుతాయి, గీత 350 దగ్గరికి జరుగుతుంది. మొదటి రెండు మూడు నెలలు అందరికీ ఉండేది ఆ 150 పరిస్థితే. కస్టమర్ డెలివరీ కట్టడానికి ఒప్పుకుంటే గీత కిందికి దిగుతుంది. వానపడిన శనివారం రాత్రి బైక్ రేటు పెరిగితే పైకి ఎక్కుతుంది, అసలు బైకే దొరకని రోజులూ ఉంటాయి.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. పోయిన నెల బిల్లులు ఒక వంద తీసి, ఎన్ని మీ గీతకు పైన ఉన్నాయో లెక్కపెట్టండి. తమ్ముడికి వందలో 38 వచ్చాయి. యాప్ ఆఫ్ చేయలేదు. సొంత నంబర్‌లో కనీస ఆర్డర్ 400, నాలుగు కిలోమీటర్ల లోపే అని పెట్టాడు. సింగిల్స్ యాప్‌కే వదిలేశాడు.

అపోహ: ప్యాకింగ్ చార్జీ తీసుకుంటున్నాం కాబట్టి ప్యాకింగ్ ఖర్చు మనది కాదు.

బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా కొన్నా తమ్ముడి ఖర్చు ఇది: బిర్యానీ డబ్బా 9, సాలన్‌కు, పెరుగు చట్నీకి రెండు కప్పులు 4, సంచి 5, సీల్ స్టిక్కర్ 1, టిష్యూ, చెక్క స్పూన్ 3. మొత్తం 22. కస్టమర్ దగ్గర వసూలు చేసేది 20. రెండు రూపాయలే కదా తక్కువ అనుకున్నాడు. అతని అగ్రిమెంట్ ప్రకారం ప్యాకింగ్ చార్జీ మీద కూడా కమీషన్ పడుతుంది. ఆ 20లో ఆరు కోసి 14 ఇస్తున్నారు. కొరత రెండు కాదు, ఎనిమిది. మీ అగ్రిమెంట్‌లో కమీషన్ దేని మీద లెక్కగడుతున్నారో ఆ ఒక్క లైన్ చదవండి. "రేటు పెంచేస్తే సరి" అనేవాళ్లకూ ఇదే జవాబు. యాప్‌లో 20 రూపాయలు చేతికి రావాలంటే 29 పెంచాలి.

ప్లాస్టిక్ స్పూన్ చవక అని మళ్లీ దానికి వెళ్లకండి. 2022 జులై 1 నుంచి నిషేధం.

అపోహ: రీఫండ్ యాప్ ఇచ్చింది కాబట్టి యాప్‌దే నష్టం.

పేఔట్ షీట్ కింది వరసలు చూడండి, ఎవరిదో తెలుస్తుంది. తమ్ముడికి వారంలో 11 రీఫండ్లు కోశారు. అందులో ఎక్కువ భాగం "సాలన్ రాలేదు", "సాలన్ కారిపోయింది". డెలివరీ బాయ్‌లు తాగేస్తున్నారని మాస్టర్ గట్టిగా వాదించాడు. ఆ శనివారం సాయంత్రం నేనే వెళ్లి ప్యాకింగ్ కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. మా ఆయన ఇంట్లో పిల్లల్ని పట్టుకుని నన్ను తిట్టుకున్న రోజది.

ఏడున్నరకు రష్ మొదలైంది. గిన్నెలో పొగలు కక్కుతున్న సాలన్‌ను గరిటెతో కప్పు అంచు దాకా పోసి, వెంటనే మూత నొక్కేస్తున్నారు. రెండు నిమిషాల్లో లోపలి ఆవిరికి మూత ఒక పక్క టక్‌మని లేచేది. పైకి చూస్తే మూసినట్టే ఉంటుంది. సంచిలో పెట్టగానే నూనె కారి స్టిక్కర్ తడిసి ఊడిపోయేది. ఇంకోచోట రెండు సంచులు పక్కపక్కన, సాలన్ కప్పులు మూడు ఒకదాంట్లో, ఒకటి ఇంకోదాంట్లో. బాయ్‌లు పాపం ఏమీ తాగలేదు.

చేసింది చాలా చిన్నది. కప్పుల్లో ముప్పాతిక వరకే పోసి, ట్రేలో మూత లేకుండా ఐదు నిమిషాలు ఆరనిచ్చి, తర్వాత మూత నొక్కి చుట్టూ టేప్. సంచి కట్టేముందు లోపలి డబ్బాలు, బిల్లు కలిసి కనపడేలా కౌంటర్ ఫోన్‌తో ఒక ఫొటో. తప్పుడు ఫిర్యాదు వస్తే పార్ట్‌నర్ యాప్‌లో గడువులోపు ఆ ఫొటో పెట్టి అభ్యంతరం చెప్పాలి. సోమవారం షీట్ వచ్చాక గుర్తొస్తే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. నాలుగు వారాల్లో వారం రీఫండ్ల సంఖ్య 11 నుంచి నాలుగుకు దిగింది. సొంత నంబర్‌లో వాదించడానికి ఎవరూ ఉండరు. కస్టమర్ నేరుగా మీకే ఫోన్ చేస్తాడు, మీరు మళ్లీ పంపాల్సిందే. కప్పు మూత సరిచేయకుండా సొంత నంబర్ పెడితే ఒక్కో కారిన సాలన్‌కు సరుకు, ప్యాకింగ్, బైక్ కలిపి 187 మీ జేబులోంచి.

మిగతావి త్వరగా.

"టీడీఎస్ అని కోసింది పోయినట్టే." కాదు. 2024 అక్టోబరు నుంచి అది 0.1 శాతమే, అదీ మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు.

"యూపీఐకి చార్జీ లేదు, గేట్‌వే ఎందుకు?" క్యూఆర్‌కు నేరుగా కొడితే నిజమే. కానీ ఏ పేమెంట్ ఏ ఆర్డర్‌దో రాత్రి పదకొండుకు స్క్రీన్‌షాట్‌లు చూసి కలపాలి. పాత స్క్రీన్‌షాట్ పంపి బిర్యానీ తిన్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు.

"జీఎస్టీ యాప్ కడుతుంది కదా, మనకు సంబంధం లేదు." యాప్ ఆర్డర్లకు నిజమే. 2022 జనవరి 1 నుంచి ఆ 5 శాతం యాపే వసూలు చేసి కడుతోంది. సొంత నంబర్ ఆర్డర్లకు కట్టాల్సింది మీరే. పై లెక్కలో 240 మీద జీఎస్టీ విడిగా వేశాను. తమ్ముడు మొదటి నెల పాంప్లెట్ మీద "అన్నీ కలిపి" అని రేట్లు వేయించాడు. ఆ నెల సొంత నంబర్ అమ్మకం లక్షా ఐదు వేలు. రిటర్న్ వేసే రోజు ఐదు వేలు కట్టమంటే "ఇది ఎక్కడినుంచి వచ్చిందక్కా" అని అడిగాడు. రెండో విడత పాంప్లెట్లలో "జీఎస్టీ అదనం" అని కింద చిన్న లైన్ చేర్పించాను.