కిసాన్ మేళా పోస్టర్ మీద డయాగ్రమ్: ప్రింటింగ్ షాపు వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

కిసాన్ మేళా దగ్గరపడితే మా ప్రింటింగ్ షాపు ముందు వ్యవసాయ కాలేజీ పిల్లలు బారులు తీరుతారు. అందరిదీ ఏ0 సైజు పోస్టరే, అంటే 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 సెంటీమీటర్ల ఎత్తు. పోయినసారి ఒకబ్బాయి డ్రిప్ సాగు డయాగ్రమ్ తెచ్చాడు. బోరు, ఫిల్టర్, మెయిన్ పైపు, సబ్‌మెయిన్, దాన్నుంచి చీలిన 24 లేటరల్ పైపులు. పవర్‌పాయింట్‌లో గీసి, పీఎన్‌జీగా సేవ్ చేశాడు. "300 డీపీఐ చేసే తెచ్చానన్నా, టెన్షన్ లేదు" అన్నాడు. పోస్టర్‌లో ఆ బొమ్మ 60 సెంటీమీటర్ల వెడల్పు రావాలి. మా దగ్గరికి వచ్చే తప్పులు దాదాపు అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే ఉన్నాయి కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

అపోహ: ఫైల్లో 300 డీపీఐ అని ఉంటే ప్రింటు నీటుగా వస్తుంది.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. ఫైల్లో రాసి ఉన్న ఆ అంకె డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది. లోపల సరుకెంతో తెలియాలంటే పిక్సెల్స్ లెక్క చూడాలి. పవర్‌పాయింట్ మామూలు వైడ్ స్లైడ్‌ను సెట్టింగులేవీ మార్చకుండా పీఎన్‌జీ చేస్తే 1280 × 720 పిక్సెల్స్ వస్తాయి. ఆ అబ్బాయి దాన్ని ఫోటోషాప్‌లో తెరిచి డీపీఐ ఉన్నచోట 300 కొట్టాడు, అంతే. పిక్సెల్స్ అవే 1280. 60 సెంటీమీటర్లంటే 23.6 అంగుళాలు. భాగిస్తే అంగుళానికి 54 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్ దాదాపు అర మిల్లీమీటరు గడి. Resample పెట్టి పిక్సెల్స్ పెంచినా ఒరిగేదేమీ లేదు, ఉన్నదాన్నే సాగదీసి మసక చేస్తుంది.

అలాగని ప్రతిదానికీ 300 కావాలన్నదీ నిజం కాదు. మామూలు చూపున్న కంటికి మీటరున్నర దూరం నుంచి సుమారు 0.44 మిల్లీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనబడవు. అందుకే పోస్టర్ మీద ఫోటోకి, వేసే సైజులో అంగుళానికి 100 నుంచి 150 పిక్సెల్స్ ఉంటే నేను అభ్యంతరం చెప్పను. ఏ0 మొత్తాన్నీ 300తో చేస్తే 9933 × 14043 పిక్సెల్స్ అవుతుంది. కంప్యూటర్ మూలుగుతుంది తప్ప చూసేవాళ్లకి తేడా తెలియదు.

గీతల సంగతి వేరు. వాలుగా వెళ్లే గీత అంచులో మెట్లు పడితే, చుక్కలను విడదీయలేని కన్ను కూడా ఆ మెట్లను పట్టేస్తుంది. కాబట్టి గీతలు, అక్షరాలు పిక్సెల్ గళ్లుగా కాక, ఎంత పెంచినా చెదరని గీతల లెక్కగా, అంటే వెక్టర్‌గానే ఉండాలి. "స్లైడ్ ఫైలు ఉందా తమ్ముడూ?" అని అడిగితే, అదృష్టం కొద్దీ ఉంది.

అపోహ: పీడీఎఫ్ చేశామంటే వెక్టర్ అయిపోయినట్టే.

పీఎన్‌జీని స్లైడ్ మీద పెట్టి పీడీఎఫ్ చేస్తే, పీడీఎఫ్ సంచిలో అదే పీఎన్‌జీ ఉంటుంది. జూమ్ బాగా పెంచి అక్షరం అంచు చూడండి. ఎంత పెంచినా నున్నగా ఉంటే వెక్టర్, గళ్లు కనబడితే బొమ్మ. నేనైతే Poppler టూల్స్‌తో వచ్చే ఈ కమాండ్ కూడా నడుపుతాను:

```
pdfimages -list poster.pdf
```

లోపల దాగిన ప్రతి బొమ్మకీ `x-ppi` అనే నిలువు వరసలో అంకె వస్తుంది. అది పీడీఎఫ్ పేజీ సైజుకి లెక్కగట్టినది. పేజీని రెండింతలు పెంచి ప్రింటు వేస్తే ఆ అంకెని సగం చేసుకోవాలి. ఇది మరిచిపోయి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

అపోహ: స్క్రీన్ మీద కనబడిన గీత కాగితం మీదా కనబడుతుంది.

ఆ డయాగ్రమ్‌లో లేటరల్ పైపులు అర పాయింటు నీలం గీతలు. పీఎన్‌జీలో అర పాయింటు అంటే పిక్సెల్‌లో మూడింట రెండు వంతులే. పిక్సెల్‌ను ముక్క చేయలేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాని రంగును పలచన చేసి సరిపెట్టింది. ప్రింటర్‌కు లేత నీలం అనే సిరా ప్రత్యేకంగా ఉండకపోతే, సిరా చుక్కలను ఎడంఎడంగా వేసి ఆ రంగు తెప్పిస్తుంది. వెడల్పాటి చోట అది బాగానే ఉంటుంది. సన్నటి గీతలో మాత్రం చుక్కలు ఒకదాన్నొకటి అందుకోక గీత తెగినట్టు కనబడుతుంది. నమూనాగా ఒక ముక్క ప్రింటు తీసి చూపిస్తే, "పైపు లీకవుతున్నట్టుందన్నా" అని వాడే నవ్వాడు.

పోస్టర్ మీద అసలు సైజులో ఏ గీతా 1 పాయింటు కన్నా సన్నగా ఉండకూడదని నా పట్టుదల. 1 పాయింటంటే 0.35 మిల్లీమీటర్లు. అదీ ముదురు రంగులో అయితేనే, లేత రంగైతే 2 పాయింట్లు. కానీ చదివించే డయాగ్రమ్‌కి ఈ కనీసం చాలదు. మెయిన్, సబ్‌మెయిన్, లేటరల్ మూడూ దూరం నుంచి వేరువేరుగా తెలియాలి. ఒక్కో మెట్టుకి మందం సుమారు రెట్టింపు చేస్తే తెలుస్తుంది. 2, 2.5, 3 అని పెడితే మూడూ ఒకటే అనిపిస్తాయి.

ఇంకో ఉచ్చు ఉంది. ఇలస్ట్రేటర్‌లో `Scale Strokes & Effects` టిక్ లేకుండా బొమ్మను నాలుగింతలు చేస్తే, బొమ్మ పెరుగుతుంది, గీత మందం పెరగదు. పవర్‌పాయింట్‌లో ఆకారాలను మూల పట్టి లాగినా అంతే, లోపలి అక్షరాలూ పెరగవు. అందుకే సాగదీయడం మానేసి పీడీఎఫ్ ఇవ్వమంటాను. ప్రింటు వేసేటప్పుడు పేజీ మొత్తాన్ని పెంచితే అన్నీ ఒకే లెక్కలో పెరుగుతాయి.

అపోహ: 24 పాయింట్లు పోస్టర్‌కి ధారాళం.

ఇంగ్లిష్ పోస్టర్లకి చెప్పే సలహా ఇది, తెలుగుకి నేను ఒప్పుకోను. పేపర్లో 10 పాయింట్ల తెలుగును 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని హాయిగా చదువుతాం. పోస్టర్ ముందు మనిషి మీటరున్నర దూరంలో నిలబడతాడు, అంటే 3.75 రెట్లు దూరం. అక్షరమూ అన్నే రెట్లు పెరగాలి: 37.5 పాయింట్లు. పైగా తెలుగులో పాయింటు సైజు ఒత్తుల్నీ గుడుల్నీ కలుపుకునే లెక్క. "ఫిల్టర్"లో ట కిందికి దిగి, అసలు అక్షరం కన్నా చిన్నదైపోతుంది. ముందు పోయేది అదే. ఫాంటు ఫాంటుకీ తేడా ఉంటుంది కాబట్టి నేను చూసేది ఒత్తునే. అది చదవగలిగితే మిగతాదంతా చదవగలరు.

ఆ అబ్బాయి పెట్టిన 10 పాయింట్ల పేర్లు 60 సెంటీమీటర్లకి పెరిగితే 18 పాయింట్లు కూడా కావు. కావలసినదాంట్లో సగం. అందుకని బొమ్మను 75 సెంటీమీటర్లకి పెంచాం, అంటే స్లైడ్‌కి 2.2 రెట్లు. స్లైడ్‌లో పేర్లు 17 పాయింట్లు చేశాం, ప్రింటులో 37 దాటాయి. గీతలు స్లైడ్‌లో లేటరల్ 1 పాయింటు, సబ్‌మెయిన్ 2, మెయిన్ 4. ఇప్పుడు 24 గీతలకీ ఇన్ని అక్షరాలకీ చోటు చాలలేదు. ఎనిమిది లేటరల్స్ ఉంచి, మిగతావి ఉన్నాయని చుక్కలతో చూపించాం. మొదట వాడు ఒప్పుకోలేదు. "పొలంలో 24 ఉన్నాయన్నా!" రైతు లెక్కపెట్టడానికి రాడు, నీళ్లు ఎటునుంచి ఎటు వెళ్తాయో చూడటానికి వస్తాడని చెప్పాను.

అపోహ: ప్రింటు వేస్తేగానీ తెలియదు.

రెండు ఏ4 కాగితాలు చాలు. ఏ0కి ఏ4 సరిగ్గా నాలుగో వంతు కొలత. పోస్టర్ మొత్తాన్ని 25 శాతానికి కుదించి ఏ4 మీద తీసి, 38 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, మీటరున్నర నుంచి పోస్టర్ ఎలా కనబడుతుందో అలాగే కనబడుతుంది. అక్షరాల సైజు అక్కడే తేలిపోతుంది. గీతల నాణ్యత, ఫోటో మసక ఇందులో తెలియవు. వాటికోసం డయాగ్రమ్‌లో ఇరుకైన ముక్కను 100 శాతం సైజులో ఇంకో ఏ4 మీద తీసి, గోడకి అంటించి వెనక్కి జరిగి చూడాలి.

ముదురు నేల మీద తెల్లటి సన్నని అక్షరాలుంటే ఆ ముక్కే తీయండి. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి అక్షరాల్లోని సందులు మూసుకుపోతాయి. ఆ అబ్బాయి బొమ్మలో నీటిలో ఎరువు కలిపే పరికరం పేరు "వెంచురీ" అలాగే పూడిపోయింది, బోల్డ్ చేసి 44కి పెంచాక తేరుకుంది.